మొక్కా, ఫెన్‌ఫార్మినా, మెట్‌ఫార్మినా: ఒకే పని చేసే మూడింటిలో ఏది మేలు?

షుగర్ మందు మెట్‌ఫార్మిన్ గురించి ఎప్పుడు రాసినా ఒక ప్రశ్న తప్పకుండా వస్తుంది: "ఆ మందు మొక్క నుంచి వచ్చిందే కదండీ, ఆ మొక్కనే ఎండబెట్టి పొడి చేసుకుని తాగితే సరిపోదా?" సరిపోదు. ఎందుకు సరిపోదో తెలియాలంటే ఆ మొక్కను, దాని తోవలో వచ్చిన మందులను పక్కపక్కన పెట్టి చూడాలి.

ముందు మొక్క సంగతి. దాని శాస్త్రీయ నామం గలెగా అఫిసినాలిస్. చిక్కుడు కుటుంబానిదే, కానీ దక్షిణ ఐరోపా, పశ్చిమాసియా నేలది. మన పొలం గట్ల మీద ఉండే వెంపలిని వృక్షశాస్త్రజ్ఞులు ఒకప్పుడు గలెగా పర్పురియా అని రాశారు. పాత పుస్తకాల్లో ఆ పేరు చూసి వెంపలి వేళ్లు మరిగించే వాళ్లుంటారు. ఆ రెండూ వేరు వేరు మొక్కలు. వెంపలికి వైద్యంలో దాని వాడుక దానికుంది, మెట్‌ఫార్మిన్ కథతో మాత్రం సంబంధం లేదు.

అసలు గలెగాలో షుగర్ తగ్గించేది గలెజీన్. 1914లో ఫ్రాన్స్‌లో టాన్రే దాన్ని గింజల్లోంచి వేరు చేశాడు. గ్వానిడీన్ అనే చిన్న రసాయన ముక్కకి ఐదు కార్బన్ల తోక తగిలిస్తే గలెజీన్. 1918లో వటనాబే గ్వానిడీన్ జంతువుల్లో రక్తంలో షుగర్ తగ్గిస్తుందని చూపించాక, 1920లలో గలెజీన్‌ని రోగులకీ ఇచ్చి చూశారు. షుగర్ తగ్గింది, కానీ కాసేపే. పని చేసే మోతాదుకీ విషమయ్యే మోతాదుకీ మధ్య చోటు కూడా చాలా తక్కువ. గొర్రెల కాపర్లకు ఇది ముందే తెలుసు: ఈ మొక్క ఎక్కువ మేసిన గొర్రె ఊపిరితిత్తుల్లో నీరు చేరి, నురగ కక్కి చస్తుంది. పైగా మొక్కలో గలెజీన్ పాళ్లు నిలకడగా ఉండవు. పూత, పిందె దశల్లో పెరుగుతాయి, ఆకులో ఒకలా, కాండంలో ఒకలా ఉంటాయి. ఇవాళ చెంచాడు పొడిలో ఉన్నంతే రేపటి చెంచాలోనూ ఉంటుందని ఎవరూ చెప్పలేరు.

మెట్‌ఫార్మిన్‌ని గలెగా ఆకుల్లోంచి పిండలేదు. అది రెండు గ్వానిడీన్లు కలిసిన బైగ్వానైడ్. 1922లో డబ్లిన్‌లో వెర్నర్, బెల్ దాన్ని తయారు చేసినప్పుడు షుగర్ ఊసే వారికి లేదు. గలెజీన్‌ మీద యువకుడిగా పనిచేసిన పారిస్ వైద్యుడు జ్యాఁ స్టెర్న్, 1957లో మెట్‌ఫార్మిన్‌ని షుగర్ రోగుల్లో వాడి ఫలితాలు అచ్చు వేయించాడు. మొక్క దారి చూపింది, అంతవరకే. మధ్యలో 1926లో వచ్చిన సింథాలిన్ అనే షుగర్ మందు కాలేయాన్ని దెబ్బతీసి తెరమరుగైంది. దాని గురించి ఇంతకంటే చెప్పడానికేం లేదు.

ఇప్పుడు కాలేయం దగ్గరికి వద్దాం. రాత్రి ఎనిమిదింటికి తిని పడుకుని, పొద్దున చూస్తే పరగడుపు షుగర్ 160. రాత్రంతా ఏమీ తినలేదే, ఎలా పెరిగింది? కాలేయం వదిలింది. ఆరోగ్యంగా ఉన్నవారిలో కూడా రాత్రిపూట కాలేయం నిమిషానికి కిలో బరువుకి సుమారు 2 మిల్లీగ్రాముల గ్లూకోజ్ వదులుతుంది. 60 కిలోల మనిషికి ఎనిమిది గంటల్లో అది 57 గ్రాములు దాటుతుంది. టైప్ 2 షుగర్‌లో ఈ లెక్క ఇంకా పెరుగుతుంది, ఎందుకంటే ఇక చాలు ఆపమనే ఇన్సులిన్ మాట కాలేయం సరిగా వినదు.

ఈ గ్లూకోజ్‌లో కొంత నిల్వలోంచి వస్తుంది. మిగతాది కాలేయం, గ్లూకోజ్ విరిగినప్పుడు మిగిలే లాక్టేట్, గ్లిసరాల్, అమైనో ఆమ్లాల నుంచి కొత్తగా తయారు చేస్తుంది. రెండు లాక్టేట్లు కలిపి ఒక గ్లూకోజ్ చేయడానికి కణం శక్తిని మోసే ఏటీపీ అణువులు ఆరింటంత శక్తి ఖర్చు. ఆ శక్తి కణంలోని పవర్‌హౌస్ అయిన మైటోకాండ్రియాలో పుట్టాలి. గలెజీన్ అయినా, బైగ్వానైడ్లు అయినా అక్కడి మొదటి మెట్టునే, అంటే కాంప్లెక్స్ వన్‌నే, నెమ్మదింపజేస్తాయి. ఏటీపీ తగ్గి, అది ఖర్చయ్యాక మిగిలే ఏఎంపీ పెరుగుతుంది. ఆ ఏఎంపీ గ్లూకోజ్ తయారీలో ఒక ముఖ్యమైన ఎంజైమును నేరుగా అడ్డుకుంటుంది. మెట్‌ఫార్మిన్‌కి ఇదొక్కటే దారి కాదు, మిగతా దారుల మీద శాస్త్రవేత్తల వాదన ఇంకా తెగలేదు. ఫలితం మాత్రం కొలవగలిగిందే: కాలేయం వదిలే గ్లూకోజ్ దాదాపు పావు వంతు తగ్గుతుంది. ఇన్సులిన్‌ని ఎగదోయదు కాబట్టి ఒంటరిగా వాడితే షుగర్ డౌన్ అవడం అరుదు.

నా దృష్టిలో అసలు కీలకం ఇక్కడే ఉంది. గ్లూకోజ్‌గా మారని లాక్టేట్ ఎక్కడికి పోతుంది? రక్తంలోనే మిగులుతుంది. అంటే మందు గుణమూ దాని ప్రమాదమూ ఒకే చోట పుడుతున్నాయి. అందుకే బాగా పని చేస్తుందా అని కాదు, మైటోకాండ్రియాని ఎంత గట్టిగా అదుముతుంది, ఒంట్లోంచి ఎలా బయటకు పోతుంది అని అడగాలి.

మరో బైగ్వానైడ్ మందు ఫెన్‌ఫార్మిన్ ఈ పరీక్షలో ఓడింది. దానికి కొవ్వులో కరిగే తోక ఉంది. మైటోకాండ్రియాలోకి సులువుగా దూరి గట్టిగా పట్టేస్తుంది. దాన్ని విరగ్గొట్టాల్సిన కాలేయ ఎంజైము కొందరిలో పుట్టుకతోనే బలహీనం. వారికి మామూలు మోతాదే ఎక్కువవుతుంది. లాక్టేట్ పేరుకుని రక్తం ఆమ్లమయ్యే లాక్టిక్ ఆసిడోసిస్ మరణాల వల్ల 1970ల చివర్లో అమెరికా, 2003లో మన దేశం దాన్ని నిషేధించాయి. మెట్‌ఫార్మిన్ తోక చిన్నది, పట్టు వదులు. కాలేయం దాన్ని విరగ్గొట్టదు, మింగిన రూపంలోనే కిడ్నీ బయటకు పంపుతుంది. కాబట్టి గెలుపు దానిదే, కానీ కిడ్నీ నడుస్తున్నంత వరకే.

ఒక లెక్క వేద్దాం. వయసు 68, స్త్రీ, రోజుకి 2000 మిల్లీగ్రాముల మెట్‌ఫార్మిన్. కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ 1.4. చూడ్డానికి కాస్తే ఎక్కువ, కానీ 2021 సూత్రం ప్రకారం కిడ్నీ వడపోత ఎంతో చెప్పే ఈజీఎఫ్‌ఆర్ 41 మాత్రమే. 45 కంటే తక్కువ కాబట్టి మోతాదు సగానికి, అంటే 1000కి దించాలి. తర్వాత ఆవిడకి రెండు రోజులు వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయనుకోండి. ఒంట్లో నీరు తగ్గి క్రియాటినిన్ 2.2 అయితే ఈజీఎఫ్‌ఆర్ సుమారు 24. అది 30 దాటి కిందికి వస్తే మెట్‌ఫార్మిన్ పనికిరాదు. అసలు ఆ రిపోర్టు చేతికొచ్చేదాకా ఆగకూడదు, వాంతులు మొదలైన రోజే డాక్టరుకు ఫోన్ చేసి మాత్ర ఆపాలి. ఊపిరి లోతుగా, వేగంగా ఆడటం, కడుపునొప్పి, మగత కనబడితే గ్లూకోమీటర్‌లో 130 చూసి నిమ్మళించకండి. లాక్టేట్ పెరగడం ఆ యంత్రానికి కనబడదు. ఆసుపత్రిలో రక్తం తీసి లాక్టేట్, పీహెచ్ చూడాల్సిందే.

ఇమెగ్లిమిన్ అని ఈ వంశంలోనే ఇంకొకటి ఉంది. 2021లో జపాన్ అనుమతించింది, ఇక్కడా దొరుకుతుంది. మెట్‌ఫార్మిన్‌కున్నన్ని ఏళ్ల అనుభవం దానికి లేదు.

ఇక ఆవిడ సంగతి: విరేచనాలు తగ్గి, తిండి సరిగా తింటూ, క్రియాటినిన్ మళ్లీ 1.4కి దిగిందని పరీక్షలో తేలాకే 500తో తిరిగి మొదలుపెట్టాలి, అదీ రాత్రి భోజనంతో పాటు. ఈ మధ్య రోజుల్లో పరగడుపు షుగర్ 180 దాటితే డాక్టరు వేరే మందు ఇస్తారు. దానికి భయపడి ఇంట్లో ఉన్న పాత మెట్‌ఫార్మిన్ స్ట్రిప్పు తెరవకూడదు.