ఒకే పాల ప్యాకెట్, రెండు పొయ్యిలు: 12 ఏళ్ల మసాలా టీ, ఫిల్టర్ కాఫీ అనుభవం

మా పుట్టిల్లు నెల్లూరు, అక్కడ పొద్దున్నే కాఫీ. అత్తిల్లు సికింద్రాబాద్, ఇక్కడ టీ. పెళ్లికి అమ్మ ఇచ్చిన సామానులో రెండు కప్పుల స్టీలు ఫిల్టరు, ఒక జత డబరా గ్లాసులు ఉన్నాయి. అవి ఇప్పటికీ వాడుతున్నాను. టీ గిన్నె మాత్రం అత్తయ్యది, నాకంటే ముందే ఈ ఇంట్లో ఉంది. 12 ఏళ్లుగా రోజూ ఒకే అరలీటరు ప్యాకెట్ కత్తిరించి, ఒక పొయ్యి మీద మా ఆయనకూ అత్తయ్యకూ మసాలా టీ, రెండో పొయ్యి మీద నాకూ మామయ్యకూ కాఫీ చేస్తున్నాను. మామయ్య నేను వచ్చాక కాఫీలోకి మారారు. అత్తయ్య ఆ విషయాన్ని ఇప్పటికీ మరిచిపోలేదు.

రెండింటిలో ఏది మంచిదని అడిగేవాళ్లకు నా దగ్గర జవాబు లేదు. ఒకటి మాత్రం చెప్పగలను. రెండింటికీ పాలు ఒకటే అయినా, వాటితో మెలగాల్సిన తీరు పూర్తిగా వేరు. టీకి పాలు ఉడకాలి. కాఫీకి పాలు ఒక్క పొంగు వచ్చి ఆగాలి. ఈ తేడా తెలియక మొదటి రెండేళ్లు రెండూ చెడగొట్టాను.

ముందు టీ సంగతి. కాపురానికి వచ్చిన కొత్తలో, చుట్టాలు కూర్చుని ఉండగా, పాలలోనే దంచిన పచ్చి అల్లం వేసి పొయ్యి వెలిగించాను. కాసేపటికి పాలు విరిగాయి. ప్యాకెట్ పాతదేమో అనుకుని ఇంకొకటి తెరిచాను, అదీ విరిగింది. అత్తయ్య వచ్చి చూసి, "అల్లం నీళ్లలో ఉడకాలమ్మా, పాలలో కాదు" అని మాత్రం అన్నారు. కారణం నాకు చాలాకాలానికి తెలిసింది. పచ్చి అల్లంలో పాల ప్రోటీన్‌ను కోసేసే ఎంజైము ఒకటి ఉంటుంది. పాలు మరిగేలోపు వేడెక్కే కాసేపట్లోనే అది తన పని చేసేస్తుంది. నీళ్లలో వేసి రెండు మూడు నిమిషాలు మరిగిస్తే దాని శక్తి పోతుంది, ఆ తర్వాత పాలు పోసినా ఏమీ కాదు. అందుకే శొంఠి వేస్తే విరగని టీ, పచ్చి అల్లం వేసినప్పుడు విరుగుతూ ఉంటుంది. బెల్లంతో చేసేవాళ్లు బెల్లాన్ని గిన్నె దించాక వేయాలి. లేకపోతే అదీ ఇదే కథ.

ఇద్దరికి నా లెక్క ఇది. 150 మిల్లీలీటర్ల నీళ్లలో అంగుళం అల్లం దంచి వేస్తాను. నాలుగు ఏలకులు తొక్కతో సహా నలగ్గొట్టి, రెండు లవంగాలు, నాలుగైదు మిరియాలు, చిటికెన వేలి గోరంత దాల్చిన చెక్క కలుపుతాను. మూడు నిమిషాలు మరిగాక రెండు చెంచాల టీపొడి, ఇంకొక నిమిషం తర్వాత 200 మిల్లీలీటర్ల పాలు. దాల్చిన చెక్కను ముక్కగానే వేయండి. పొడిగా వేస్తే టీ అడుగున జిగట చేరుతుంది, చివరి గుక్క గొంతులో జారదు. బజారులో దొరికే మసాలా పొడి డబ్బాలు రెండు మూడు కొని చూశాను. తెరిచిన వారం రోజులూ బాగానే ఉంటాయి, ఆ తర్వాత లవంగం ఘాటు ఒక్కటే మిగిలి ఏలకుల వాసన పోతుంది. అప్పటికప్పుడు దంచుకోవడానికి పట్టేది అర నిమిషం.

పాలు పోశాక తొందరపడకూడదు. పొంగు వచ్చినప్పుడల్లా మంట తగ్గించి, గరిటెతో ఎత్తి పోస్తూ నాలుగైదు నిమిషాలు ఉడికిస్తాను. టీపొడిలోని వగరు పాల ప్రోటీన్‌తో కలిసి మెత్తబడేది ఈ సమయంలోనే. నీళ్లలోనే పొడిని పది నిమిషాలు మరిగించి చివర్లో పాలు పోసేవాళ్ల టీ నాలుకను పట్టేస్తుంది. రంగు చూసి సరిపోయిందనుకుంటారు కానీ రంగు మోసం చేస్తుంది. మన బజారులో దొరికేది ఎక్కువగా గుండ్రటి చిన్న రవ్వలాంటి పొడి, దానికి రంగు దిగడానికి ఒక్క నిమిషం చాలు. నేను చూసేది వాసన. అల్లం వాసన ముందు వచ్చి, తర్వాత టీ వాసన దాన్ని దాటితే దించేస్తాను.

ఇక్కడ హైదరాబాద్ గురించి ఒక మాట. ఇరానీ చాయ్ తాగినవాళ్లు దాన్ని మసాలా టీకి చుట్టమనుకుంటారు. నా దృష్టిలో అది కాఫీకి చుట్టం. టీ డికాషన్ వేరుగా, చిక్కగా కాచిన పాలు వేరుగా ఉంచి, కప్పులో కలుపుతారు. అల్లం, మిరియాలతో పని లేదు. మామయ్య కాఫీలోకి మారడానికి అంత కష్టపడకపోవడానికి అదే కారణమని నా అనుమానం.

ఇక కాఫీ. ఇది పొద్దున్న చేసేది కాదు, ముందురోజు రాత్రి చేసేది. రంధ్రాల పైగిన్నెలో మూడు నిండు చెంచాలు, అంటే 20 గ్రాముల పొడి వేసి, ఫిల్టరుతో వచ్చే గొడుగులాంటి బిళ్లతో తేలికగా అదిమి, మరిగి కాస్త నెమ్మదించిన నీళ్లు 110 మిల్లీలీటర్లు పోస్తాను. పొడి తన బరువుకు రెండింతల నీళ్లు పీల్చుకుని తనలోనే ఉంచుకుంటుంది. కింద దిగేది 70 దాకా, సరిగ్గా ఇద్దరికి. మొదట్లో "పోసిన నీళ్లన్నీ ఎక్కడికి పోతున్నాయి" అని ఇంకా పోసేదాన్ని, పలచటి డికాషన్ చూసి పొడిని తిట్టేదాన్ని.

పొడి మెత్తదనం దీనికి ప్రాణం. ఐదు నిమిషాల్లోనే అంతా దిగిపోతే పొడి బరక, డికాషన్ నీళ్లగా ఉంటుంది. గంటైనా చుక్క దిగకపోతే పొడి మరీ మెత్తన, లేదా గట్టిగా అదిమారు. నాకు 20 నుంచి 30 నిమిషాల మధ్య దిగినప్పుడు రుచి కుదురుతుంది. ఒక్కోసారి పొడి బాగానే ఉన్నా చుక్క కదలదు. కింది గిన్నెలో ఆవిరి చిక్కుకుని ఉంటుంది. పైగిన్నెను కొంచెం లేపి తిరిగి పెడితే దారి దొరుకుతుంది. ఏడాదికి రెండుసార్లయినా రంధ్రాల్లో నూనె జిడ్డు పేరుకుంటుంది. ఆ గిన్నెను పట్టకారుతో గ్యాసు మంట మీద అరనిమిషం తిప్పి, చల్లారాక తోమితే కొత్తదానిలా పనిచేస్తుంది. స్టీలుకే ఈ వైద్యం, లోపల పూత ఉన్న ఇత్తడి ఫిల్టర్లకు పనికిరాదు.

కాఫీ పొడిలో కలిపే చికోరీ అనే వేరు పొడి మీద ఇంట్లో ఇప్పటికీ వాదన ఉంది. మా అమ్మ నూటికి 20 పాళ్లు వాడుతుంది, నేనూ అంతే. కలిపిన పొడి అయితే ప్యాకెట్ మీద ఎంత చికోరీ ఉందో అచ్చు వేసి ఉంటుంది, కొనే ముందు చదవండి. చికోరీ డికాషన్‌కు చిక్కదనం, నలుపు ఇస్తుంది, పొడి ఉబ్బి నీళ్లు నెమ్మదిగా దిగేలా చేస్తుంది. ఒకసారి అరకు వెళ్లినప్పుడు చికోరీ లేని కాఫీ పొడి తెచ్చాను. వాసన అద్భుతం, కానీ నా ఫిల్టర్లో గబగబా దిగిపోయి పాలలో కలిపితే కనిపించకుండా పోయింది. పొడిని ఇంకొంచెం మెత్తగా ఆడించి, పాలు సగానికి తగ్గించాక గానీ దాని రుచి తెలియలేదు. కాఫీ పొడిని 200 గ్రాములకు మించి కొనను. రెండు వారాలు దాటితే వాసన సగం పోతుంది. టీపొడి నెలల తరబడి డబ్బాలో పడి ఉన్నా అంత మారదు, ఈ విషయంలో టీదే గెలుపు.

ఇప్పుడు అసలు విషయం, నురగ. మంచి నురగ రాని రోజులు వస్తూ పోతూ ఉండేవి. కారణం పట్టుకోవడానికి ఒక వారం లెక్కగా చూశాను. గ్లాసూ డబరా అవే, డికాషన్ అంతే, చేయి నాదే. కొత్త ప్యాకెట్ టోన్డ్ పాలతో నురగ ఎత్తుగా లేచింది, కానీ పలచన, మామయ్య దగ్గరకు తీసుకెళ్లేలోపు సగం కూర్చుంది. కొత్త ప్యాకెట్ చిక్కటి పాలతో ఎత్తు కాస్త తక్కువ, బుడగలు చిన్నవి, చివరి గుక్క దాకా పెదవికి తగిలింది. ముందురోజు కాచి ఫ్రిజ్‌లో పెట్టిన చిక్కటి పాలను మళ్లీ వేడి చేస్తే, మీగడ తరకలు తేలాయి తప్ప నురగ నిలవలేదు.

బుడగ గోడ పాల ప్రోటీన్‌తో కడుతుంది. ఎక్కువసేపు కాగిన పాల పైన ఆ ప్రోటీన్, కొవ్వు కలిసి మీగడగా కట్టుకుపోతాయి, ఆ తరకలు బుడగల మధ్య పడి వాటిని పగలగొడతాయి. టీకి ఏది మేలు చేస్తుందో, కాఫీకి అదే చెరుపు. వేడి కూడా ముఖ్యం. పాలు గోరువెచ్చన అయితే అందులోని కొవ్వు సగం గడ్డకట్టిన స్థితిలో ఉండి నురగను అసలు నిలవనివ్వదు. అందుకే తిరగబోయడం పాలు పొయ్యి దిగిన నిమిషంలోనే జరగాలి.

ఇప్పుడు నా క్రమం ఇలా ఉంది. కొత్త ప్యాకెట్ పాలు కాస్తాను. పొంగు అంచుకు రాగానే 200 మిల్లీలీటర్లు కాఫీ కోసం తీసి, మిగిలినవి టీ గిన్నెలోకి, కొంచెం తోడు పెట్టడానికి. గ్లాసులో 35 మిల్లీలీటర్ల డికాషన్, చక్కెర, దాని మీద 100 పాలు. మూరెడు ఎత్తు నుంచి డబరాలోకి సన్నటి ధారగా, మళ్లీ గ్లాసులోకి, ఇలా నాలుగు సార్లు. ఐదోసారి నురగ పెరగదు, కాఫీ మాత్రం చల్లారుతుంది. డికాషన్‌ను పొయ్యి మీద వేడి చేయను, చేదెక్కుతుంది. రాత్రిది బాగా చల్లగా ఉంటే గిన్నెను వేడి నీళ్లలో ఐదు నిమిషాలు నిలబెడతాను.

బ్యాటరీతో తిరిగే నురగ కడ్డీ ఒకటి మా ఆయన కొనిచ్చారు. నురగ సబ్బు నురగలా గట్టిగా నిలబడుతుంది, కాదనను. కానీ మొదటి రెండు గుక్కలు నురగే నోట్లోకి వస్తుంది, కాఫీ కింద ఎక్కడో ఉంటుంది. ధారగా పోసినప్పుడు డికాషన్ నురగలోకి కూడా కలిసి, బుడగ బుడగకూ కాఫీ రంగు వస్తుంది. ఆ కడ్డీ ఇప్పుడు మజ్జిగ చిలకడానికి పనికొస్తోంది.

ఆదివారాలు చెప్పకుండా పదిమంది వచ్చినప్పుడు మాత్రం కాఫీ అడగవద్దని మావాళ్లందరికీ చెప్పి ఉంచాను. రెండు కప్పుల ఫిల్టర్‌తో పదిమందికి డికాషన్ దిగేలోపు భోజనాల వేళ అవుతుంది. అత్తయ్య పెద్ద గిన్నెలో నీళ్లు పోసి, రోకలి చేత పట్టుకుని, నా వైపు చూసి నవ్వే రోజులు అవే.