నాన్న కొన్న ఇల్లు అమ్మితే పన్ను: 12.5 శాతమా, 20 శాతమా? బాండ్లా, ఫ్లాటా?

మా వదిన వాళ్ల నాన్నకు ఒక్కతే కూతురు. ఆయన 1989లో హనుమకొండ నయీంనగర్‌లో లక్షా పది వేలకు కొన్న ఇల్లు ఆయన పోయాక 2017లో ఆమెకు వచ్చింది. మొన్న నవంబర్ 2025లో దాన్ని అమ్మారు. బ్రోకర్ కమీషన్ పోను 80 లక్షలు వచ్చింది. ఆ సాయంత్రమే వదిన అడిగిన మొదటి మాట: "తమ్మీ, నాన్న పోయిన ఏడు ఇల్లు ముప్పై అయిదు లక్షలు పలికింది గదా, పన్ను లెక్కలో దాన్నే ఖరీదు కింద రాసుకోవచ్చా?"

రాసుకోకూడదు. చాలామంది ఇక్కడే తప్పు చేస్తారు. వారసత్వంగా వచ్చిన ఇంటికి ఖరీదు అంటే మనకు వచ్చిన రోజు విలువ కాదు, మన పెద్దలు పెట్టిన ఖరీదు. ఎన్నేళ్లు మన దగ్గరుంది అన్న లెక్కకూ వాళ్ల ఏళ్లు కలుస్తాయి. ఇల్లు 2001 ఏప్రిల్ 1కి ముందే కొన్నదైతే అసలు ధరకు బదులు ఆ రోజు నాటి మార్కెట్ విలువ తీసుకోవచ్చు. లక్షా పది వేల కంటే అది ఎంతో మేలు కాబట్టి ఎవరైనా అదే తీసుకుంటారు. అయితే దానికో కట్టు ఉంది. వాల్యుయర్ ఎంత రాసిచ్చినా, అప్పటి రిజిస్ట్రేషన్ శాఖ విలువను దాటకూడదు. మా కేసులో వాల్యుయర్ తొమ్మిది లక్షలన్నాడు, సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు లెక్కలో ఏడు తేలింది. ఏడే రాసుకున్నాం.

ఇక రేటు. 2024 జూలై 23 నుంచి దీర్ఘకాల లాభం మీద పన్ను 12.5 శాతం. ధరల పెరుగుదలకు తగ్గట్టు పాత ఖరీదును పెంచి లెక్కించే ఇండెక్సేషన్ తీసేశారు. కానీ ఆ తేదీకి ముందు సంపాదించిన భూమి, ఇల్లు అమ్మే మన దేశంలోని వ్యక్తులకు ఒక వెసులుబాటు మిగిల్చారు. పాత పద్ధతిలో, అంటే ఇండెక్సేషన్‌తో 20 శాతం లెక్కిస్తే పన్ను తక్కువ వస్తే అంతకు మించి కట్టనక్కర్లేదు. కాబట్టి రెండూ వేసి చూడాల్సిందే.

మొదట మా దగ్గర ఇంటి ఖరీదు తప్ప ఇంకే కాగితమూ లేదనుకుని లెక్క వేశాను. 80 లక్షల్లో 7 తీసేస్తే లాభం 73 లక్షలు. 12.5 శాతం చొప్పున పన్ను 9 లక్షల 12 వేలు. ఇండెక్సేషన్ చేస్తే ఆ 7 లక్షలు 3.76 రెట్లై (2001-02కి సూచిక 100, 2025-26కి 376) 26 లక్షల 32 వేలు అవుతుంది. లాభం 53.68 లక్షలు, దాని మీద 20 శాతం 10 లక్షల 73 వేలు. అంటే కొత్త రేటే మేలు. 2001 నాటి ఖరీదు ఒక్కటే ఉన్న ఇల్లు ఆ ఖరీదుకు సుమారు 8.36 రెట్లకు మించి అమ్ముడుపోతే 12.5 శాతం గెలుస్తుంది, తక్కువకు పోతే 20 శాతం గెలుస్తుంది. మనది పదకొండు రెట్లు దాటింది.

అప్పుడు వదిన అటక మీది రేకు పెట్టె దించింది. లోపల రబ్బరు బ్యాండు కరిగి అతుక్కుపోయిన కాగితాల కట్ట. 2008లో ఆయన పైఅంతస్తు వేశారు. మున్సిపల్ పర్మిషన్, సిమెంటు, సలాకల షాపు బిల్లుల కార్బన్ కాపీలు, మేస్త్రీ వారం వారం తీసుకున్న డబ్బుకు సంతకం పెట్టిన చిన్న నోట్‌బుక్, అదే నెలల బ్యాంకు పాస్‌బుక్. అన్నీ కలిపితే 6 లక్షలు. యజమాని కట్టినా, వారసుడు కట్టినా 2001 తర్వాత ఇంటికి చేర్చిన పని ఖర్చుగా లెక్కలోకి వస్తుంది. అదే పెట్టెలో 1996 నాటి ప్రహరీ గోడ బిల్లు కూడా ఉంది, అది పనికిరాదు. 2001కి ముందు ఖర్చు వేరుగా తీసుకోరు. సున్నాలు, రంగులు, మోటారు రిపేరు కూడా రావు, అవి మరమ్మతులు.

ఆ 6 లక్షలు చేరాక కథ తిరగబడింది. 2008-09 సూచిక 137 కాబట్టి అది 16 లక్షల 47 వేలు అవుతుంది. ఇండెక్స్ చేసిన మొత్తం ఖరీదు 42.79 లక్షలు, లాభం 37.21 లక్షలు, 20 శాతం పన్ను 7 లక్షల 44 వేలు. కొత్త పద్ధతిలో 67 లక్షల లాభం మీద 8 లక్షల 37 వేలు. ఈసారి పాత పద్ధతే మేలు. బిల్లులు లేనప్పటితో పోలిస్తే లక్షా 68 వేలు తగ్గింది (పైన నాలుగు శాతం సెస్సు వేరు). ఏ రేటు మంచిదని ముందే అడగడం దండగ. పెట్టెలో ఏముందో చూశాకే తెలుస్తుంది.

ఇప్పుడు ఈ 7.44 లక్షలు కట్టడమా, లాభాన్ని ఇంట్లోనో బాండ్లలోనో పెట్టి తప్పించుకోవడమా? మా అన్న వెంటనే మడికొండ దగ్గర ప్లాటు కొందామన్నాడు. ఖాళీ ప్లాటుకు మినహాయింపు లేదు. ఇల్లు కడితేనే, అదీ మూడేళ్లలోపు పూర్తయితేనే. కట్టిన ఇల్లు కొనాలంటే అమ్మకానికి ఏడాది ముందు లేదా రెండేళ్ల తర్వాత దాకా గడువు. ఆ కొత్త ఇంటిని మూడేళ్లు అమ్మకూడదు, అమ్మితే మినహాయింపు వెనక్కి పోతుంది. వాళ్లకు కాజీపేటలో సొంత ఇల్లుంది. 45 లక్షల ఫ్లాటు కొంటే స్టాంపులు, రిజిస్ట్రేషన్‌కే ఏడున్నర శాతం, అంటే 3 లక్షల 37 వేలు. మిగిలే పన్నులో దాదాపు సగం అక్కడే పోతుంది. ఇల్లు అవసరమైన వాళ్లకు ఇది మంచి దారే, పన్ను కోసం ఫ్లాటు కొనడం మాత్రం నాకు నచ్చదు.

బాండ్లు అలా కావు. సెక్షన్ 54ఈసీ కింద ఆర్‌ఈసీ, పీఎఫ్‌సీ, ఐఆర్‌ఎఫ్‌సీ లాంటి ప్రభుత్వ సంస్థలు ఇచ్చేవి. అమ్మిన ఆరు నెలల్లోపు కొనాలి, 50 లక్షలు మించకూడదు, అయిదేళ్లు కదపకూడదు, తాకట్టు పెట్టి లోన్ తీసుకున్నా మినహాయింపు పోతుంది. వడ్డీ 5.25 శాతం, దాని మీదా పన్ను ఉంటుంది. పాత లెక్కలో లాభం 37.21 లక్షలు కాబట్టి 37 లక్షల 30 వేలకు బాండ్లు కొంటే ఆ లెక్కలో పన్ను సున్నా అవుతుంది. పాత లెక్క పన్నుకు మించి కట్టనక్కర్లేదని చట్టం అంటోంది కాబట్టి 67 లక్షలూ పెట్టనవసరం లేదని నా చదువు. రిటర్న్‌లో రెండు లెక్కలూ చూపించాల్సిన చోటు కాబట్టి ఆడిటర్ చేత సరిచూపించాం.

అయిదేళ్లలో పోయేదెంత? ఎఫ్‌డీలో ఒకటిన్నర శాతం ఎక్కువ వస్తుందనుకున్నా ఏడాదికి 56 వేలు, అయిదేళ్లకు 2 లక్షల 80 వేలు. మిగిలేది సెస్సుతో కలిపి 7 లక్షల 74 వేలు. ఈ డబ్బు పిల్ల పెళ్లికో, ఆసుపత్రికో రేపే కావాలంటే తప్ప బాండ్లే మేలు. వదిన పేరున మే గడువు దాకా ఆగకుండా జనవరిలోనే తీసుకున్నాం.

నిర్ణయం తేలని వాళ్లకు ఒక ఖాతా ఉంది. కొత్త ఇల్లు కొనాలనుకుని ఇంకా కుదరకపోతే, రిటర్న్ గడువులోపు ఆ డబ్బును బ్యాంకులో క్యాపిటల్ గెయిన్స్ అకౌంట్‌లో వేయాలి, మామూలు సేవింగ్స్‌లో ఉంచితే లెక్కకు రాదు. కొన్నాయన 50 లక్షలు దాటిన అమ్మకమని ఒక శాతం టీడీఎస్ పట్టుకున్నాడు. అది తిరిగి రావాలంటే పన్ను సున్నా అయినా వదిన రిటర్న్ వేయాల్సిందే.