బేరింగు పక్కన పది రూపాయల బిళ్ల: కొన్నేళ్ల వాడకం తర్వాత నా అభిప్రాయం

భీమవరం దగ్గర రొయ్యల చెరువుల నీటిలో గాలి కలిపే ఏరేటర్లకు విడిభాగాలు అమ్ముతాను. మొగల్తూరు, కాళ్ల, ఆకివీడు వైపు రైతులు బేరింగు పోయిందంటే ముందు ఫోటో పంపుతారు. ఉప్పు గాలికి తుప్పు పట్టి దాని మీది నంబరు చాలాసార్లు కనిపించదు. అందుకే కొలత తెలియడానికి పక్కన నాణెం పెట్టి తీయమంటాను. ఇన్నేళ్లలో నాకు పనికొచ్చింది పది రూపాయల బిళ్ల ఒక్కటే.

కారణం చిన్నదే. పది రూపాయల నాణెం ఎన్ని డిజైన్లలో వచ్చినా అడ్డుకొలత 27 మిల్లీమీటర్లే. మిగతావి నమ్మడానికి లేదు. 2011 వరుసలో రెండు రూపాయల నాణెం 25, అయిదు రూపాయలది 23. 2019 వరుసలో అది తారుమారైంది: రెండు రూపాయలది 23, అయిదుది 25. రూపాయి బిళ్ల కూడా కాలాన్ని బట్టి 25 నుంచి 20 దాకా మారింది. ‘అయిదు రూపాయల బిళ్ల పెట్టానండీ’ అని రైతు చెబితే ఏ కాలం నాటిదో మళ్లీ అడగాలి. పైగా పది రూపాయల బిళ్లను మా వైపు చాలా కొట్లలో తీసుకోరు. చెల్లుతుందని రిజర్వు బ్యాంకు చెప్పినా వినరు. కాబట్టి అది ప్రతి ఇంట్లో సొరుగులో పడి ఉంటుంది, అడిగిన వెంటనే దొరుకుతుంది.

నేను కొలిచే పద్ధతి ఇది. ఫోటోను కంప్యూటర్ తెర మీద పెట్టి, నాణెం సరిగ్గా 54 మిల్లీమీటర్లు కనిపించేదాకా పెద్దది చేస్తాను. అప్పుడు అన్నీ రెట్టింపు అయినట్టే. తెర మీద బేరింగు బయటి వలయం 104 వస్తే అసలు కొలత 52, అంటే అది 6205 నంబరు బేరింగు అని అనుకోవచ్చు. మా దగ్గర ఎక్కువగా అడిగే బేరింగుల బయటి కొలతలు 47, 52, 62. మధ్యలో ఖాళీ బాగా ఉంది కాబట్టి ఒకటి రెండు మిల్లీమీటర్ల తేడా వచ్చినా ఇబ్బంది లేదు.

ఒకసారి ఒక రైతు పంపిన ఫోటోలో తెర మీద 112 వచ్చింది. సగం చేస్తే 56. అలాంటి బేరింగు మా అరల్లో లేదు. నాణెం బల్ల మీద ఉంది, బేరింగు 15 మిల్లీమీటర్ల ఎత్తు ఉంది. ఫోను ఒక జానెడు ఎత్తు నుంచి చూస్తున్నప్పుడు బేరింగు పైముఖం నాణెం కన్నా కెమెరాకు దగ్గరగా ఉంటుంది, ఆ మేరకు పెద్దదిగా పడుతుంది. ఇరవై సెంటీమీటర్ల నుంచి తీస్తే ఈ తేడా ఎనిమిది శాతం దాకా వస్తుంది. 52 కాస్తా 56 అయ్యింది ఇందుకే.

‘బాబాయ్, నాణేన్ని పక్కన కాదు, బేరింగు మీదే పెట్టి తీయండి’ అన్నాను. రెండూ ఒకే ఎత్తుకు వచ్చాయి, కొలత 52కు దిగింది. ఇందులో ఇంకో లాభం ఉంది. 6205 రంధ్రం 25 కాబట్టి 27 బిళ్ల దాని అంచు మీద ఆగుతుంది. ఇది బయటి కొలత 62 ఉన్న బేరింగులకు మరీ ఉపయోగం. 6206, 6305 రెండింటికీ బయటి కొలత 62 కాబట్టి దానితో తేడా తెలియదు. కానీ 6206 రంధ్రం 30, అందులోంచి బిళ్ల జారిపోతుంది. 6305 రంధ్రం 25, దాని మీద ఆగుతుంది. ‘బిళ్ల పడిందా, ఆగిందా?’ అని ఫోనులో అడిగితే చాలు.

ఫోను వంచి తీస్తే నాణెం కోడిగుడ్డు ఆకారంలో కనిపిస్తుంది. అలాంటి ఫోటోను మళ్లీ తీయించడమే మేలు. వస్తువును ఫోటో అంచున కాకుండా నడుమ పెట్టమనడం కూడా మరిచిపోను.

షాఫ్టు లాంటి పొడుగు వస్తువులకు నోటు పెట్టమంటాను. ఇప్పటి అయిదు వందల నోటు 150, ఊదారంగు వంద నోటు 142, రెండింటి వెడల్పూ 66. పాత వంద నోటు ఇంకా తిరుగుతోంది, అది 157 పొడవు. రంగు చూసుకోకపోతే పది శాతం తప్పు వస్తుంది. పైగా నోటు మడత పడుతుంది, తడిస్తే వంకర తిరుగుతుంది. షాఫ్టు పొడవు సుమారుగా తెలిస్తే చాలుననుకున్నప్పుడే నోటు.

ఆయిల్ సీలు మందం 7నా 8నా అనేది, బోల్టు మర దూరం ఎంత అనేది ఫోటో చెప్పలేదు. వాటికి పాత ముక్క తెమ్మంటాను, వెర్నియర్ కాలిపర్‌తో కొలుస్తాను.