నైట్ షిఫ్ట్ గంటలకి ఐఎస్‌టీ కాలమ్ షీట్: చాలా ఏళ్ళు వాడాక నా రివ్యూ

మేము ఒడిశా బరంపురంలో కూర్చుని అమెరికాలో ఒహాయో వైపున్న ఒక ఓల్డేజ్ హోమ్ స్టాఫ్ జీతాల లెక్కలు చేస్తాం. ఏడాది పొడుగునా ఏ గొడవా ఉండదు గానీ రెండు రాత్రుల దగ్గర మాత్రం ప్రతిసారీ ఎవరో ఒకరి గంట పోద్ది, లేకపోతే ఎక్కువొస్తాది. మార్చిలో రెండో ఆదివారం అక్కడ తెల్లారుజాము 2 అవ్వగానే గడియారం 3కి దూకుతాది, నవంబరులో మొదటి ఆదివారం 2 అవ్వగానే మళ్ళీ 1కి వెనక్కొస్తాది. పగలు డ్యూటీ వాళ్ళకి దీంతో పనే లేదు, నైట్ వాళ్ళకే.

ఆఫీసులో అందరూ వాడే ఫార్ములా ఇది, రాత్రి 12 దాటినా గంటలు సరిగ్గా వస్తాయని:

```
=MOD(D2-B2,1)*24
```

మామూలు రోజుల్లో దీనికి వంక పెట్టక్కర్లేదు. రాత్రి 11కి ఇన్, పొద్దున్న 7:30కి అవుట్, ఎనిమిదిన్నర, అరగంట భోజనం బ్రేక్ తీసేస్తే 8. కానీ 2025 నవంబరు 1 రాత్రి ఎక్కి 2వ తేదీ పొద్దున్న దిగినావిడకి కూడా అదే 8 చూపిస్తాది, నిజానికి ఆవిడ 1 నుంచి 2 దాకా గంట రెండుసార్లు పనిచేసింది, అంటే 9. అదే 2025 మార్చి 8 రాత్రి ఎక్కినావిడకి కూడా 8 వేస్తాది, ఆవిడ చేసింది 7. అమెరికా లేబర్ డిపార్ట్‌మెంట్ చెప్పేది కూడా ఇదే, షెడ్యూల్లో ఎంతుందన్నది కాదు, నిజంగా చేసిన గంటలు లెక్కలోకి రావాలి అని.

నేను వాడే షీట్‌లో కిటుకు ఒక్కటే, మన టైమ్ ఏడాదంతా ముందుకీ జరగదు వెనక్కీ జరగదు కాబట్టి ప్రతి పంచ్‌నీ ముందు ఐఎస్‌టీలోకి మార్చేసి అప్పుడు తీసివేయడం. బీలో ఇన్ తేదీ టైమ్, సీలో ఆ క్షణానికి అక్కడి టైమ్ యూటీసీకి ఎంత వెనక అన్నది (వేసవి టైమ్ అయితే -4, చలికాలం అయితే -5), డీ, ఈల్లో అవుట్‌కి అవే రెండు, ఎఫ్‌లో జీతం లేని బ్రేక్ గంటల్లో.

```
G2: =B2+(5.5-C2)/24
H2: =D2+(5.5-E2)/24
I2: =(H2-G2)*24-F2
```

నవంబరు రాత్రి ఇందులో పెట్టి చూడండి. అక్కడ శనివారం రాత్రి 11 అంటే -4 తో మనకి ఆదివారం పొద్దున్న 8:30. అవుట్ అక్కడ 7:30, అప్పటికి -5 అయిపోయింది కాబట్టి మనకి సాయంత్రం 6:00. ఎనిమిదిన్నర నుంచి ఆరుకి తొమ్మిదిన్నర, బ్రేక్ పోతే 9. మార్చి రాత్రైతే ఇన్ -5 తో మనకి 9:30, అవుట్ -4 తో 5:00, ఏడున్నర, బ్రేక్ పోతే 7. ఇందులో నాకు బాగా నచ్చేది ఏటంటే ఎవరైనా అడిగితే ఆ టైమ్‌లు చూపించి వేళ్ళ మీద లెక్కపెట్టి చెప్పొచ్చు, ఫార్ములా నమ్మండి అని బతిమాలుకోవక్కర్లేదు.

ఇది నిజంగా పనికొచ్చేది బ్రేక్‌కి కూడా పంచ్ కొట్టే చోట. ఆ నవంబరు రాత్రి ఒకావిడ 1:45కి బ్రేక్‌కి వెళ్ళి 1:15కి తిరిగొచ్చినట్టు పడింది. మా దగ్గర కొత్తగా చేరిన తమ్ముడు పాత షీట్ చూసి "అక్కా, ఈవిడ బ్రేక్ 23న్నర గంటలు చూపిస్తోందేటి" అని కంగారుపడ్డాడు. పాపం వాడి తప్పేం లేదు, బ్రేక్‌కి వెళ్ళిన టైమ్ కన్నా తిరిగొచ్చిన టైమ్ ముందుంటే మైనస్ అరగంట వస్తాది, ఆ ఎంఓడీ దాన్ని మర్నాడు అనుకుని 23.5 చేసేస్తాది. ఎంఓడీ తీసేసి మామూలుగా తీసివేసి సెల్‌ని టైమ్ ఫార్మాట్‌లో ఉంచితే ఎక్సెల్లో ##### వస్తాయి. 1:45 పక్కన -4, 1:15 పక్కన -5 పెట్టగానే మన టైమ్‌లో 11:15 నుంచి 11:45, సరిగ్గా అరగంట.

ఇంక దీని లోటు, అదీ చెప్పాలి. 1కీ 2కీ మధ్య పడ్డ పంచ్ మొదటి 1:15 ఆ రెండో 1:15 ఆ అన్నది షీట్‌కి తెలీదు, -4 ఆ -5 ఆ అన్నది మనిషే వెయ్యాలి. చాలా పంచ్ మెషీన్ల ఫైల్లో ఉత్త తేదీ టైమ్ ఉంటాది, ఏ జోనో ఉండదు. నేను చేసేది ఏటంటే ఆ ఫైల్‌ని టైమ్ ప్రకారం సార్ట్ చెయ్యనివ్వను, మెషీన్ ఇచ్చిన రికార్డు నంబర్ల వరసలోనే చూస్తాను. టైమ్ పెరుగుతూ పెరుగుతూ ఒక్కచోట వెనక్కి పడతాది, దానికి పైనున్నవన్నీ -4, కిందవి -5. ఒకసారి సార్ట్ చేసి సేవ్ చేసేస్తే, నంబరు కాలమ్ కూడా లేకపోతే, ఇంక అక్కడి సూపర్‌వైజర్ని అడగడం తప్ప దారి లేదు. ఆ గంటలో ఒక్కటే పంచ్ ఉండి వరసలో ఎక్కడా వెనక్కి పడకపోయినా అంతే, అడగాల్సిందే.

మార్చి ఫైల్‌కి ఇంకో పరీక్ష ఉంది. ఆ రాత్రి 2:00 నుంచి 2:59 దాకా అసలు లేదు. అందులో 2:20 అని పంచ్ కనిపిస్తే మెషీన్ గడియారం ముందుకి జరగలేదన్నమాట, అప్పుడు దాని తర్వాతి పంచ్‌లకి కూడా మెషీన్‌ని సరిచేసిన దాకా -5 ఏ వెయ్యాలి, -4 వేస్తే ఒక గంట ఊరికే పోతాది.

షీట్ అస్సలు పట్టించుకోని ఇంకో విషయం వారం. వారం శనివారం అర్ధరాత్రి 12తో మారే చోట ఈ షిఫ్ట్ రెండు వారాల్లోకి విడిపోద్ది, 11 నుంచి 12 పాత వారానికి, మిగతాది కొత్త వారానికి. ఆవిడ శని నుంచి బుధ దాకా ఐదు నైట్లు చేస్తుందనుకోండి. నవంబరు 2 నుంచి 8 వారంలో ఆదివారం తెల్లారుజామున మామూలుగా 7 రావాల్సింది 8 వస్తాయి, ఆది సోమ మంగళ బుధ నాలుగు నైట్లకి 32, మళ్ళీ 8వ తేదీ శనివారం రాత్రి ఒక గంట, మొత్తం 41. వారానికి 40 దాటింది కాబట్టి ఆ ఒక్క గంటకి ఒకటిన్నర రెట్లు, గంటకి 20 డాలర్లైతే 30. కొన్ని సాఫ్ట్‌వేర్లు మొత్తం షిఫ్ట్‌ని మొదలైన తేదీకి, అంటే శనివారానికి వేసేస్తాయి, అలా ఈ ఎక్స్‌ట్రా గంట వెనక వారంలో పడి, ఆ వారంలో ఆవిడ ఒక నైట్ సెలవు పెట్టి ఉంటే 40 దాటదు, 20 డాలర్లే వస్తాయి. ఆ పది డాలర్లు ఆవిడ రాత్రంతా నిలబడి సంపాదించుకున్నవి, అందుకే ఈ రెండు ఆదివారాలకి నేను అర్ధరాత్రి దగ్గర షిఫ్ట్‌ని రెండు లైన్లుగా విడగొట్టి రాస్తాను, పైన లైన్ అవుట్, కింద లైన్ ఇన్ రెండూ ఆదివారం తేదీతో 0:00, నవంబరులో రెండింటికీ -4, మార్చిలో రెండింటికీ -5.

మార్చిలో కొందరు యజమానులు 7 చేసినా 8కి డబ్బులిస్తారు, మంచిదే, కానీ ఆ గంట ఆవిడ పనిచెయ్యలేదు కాబట్టి దాన్ని ఐ కాలమ్‌లో కలపకుండా వేరే కాలమ్‌లో వెయ్యండి, లేకపోతే ఓవర్‌టైమ్ 40 లెక్కలోకి ఎక్కేస్తాది.

ఎవరికి సరిపోద్దంటే ముప్పై నలభై మంది స్టాఫ్, ఒకే జోన్ ఉన్న చోటకి హాయిగా సరిపోద్ది. వేరే వేరే రాష్ట్రాల వాళ్ళు కలిసి ఉంటే సీ, ఈ కాలమ్‌లు చేత్తో నింపడం ప్రమాదం, ముఖ్యంగా ఫీనిక్స్ వాళ్ళు ఉంటే. అక్కడ గడియారం మార్చరు, మార్చిలోనైనా నవంబరులోనైనా -7 ఏ, మిగతా వాళ్ళ వరస చూసి కిందకి లాగేశామంటే వాళ్ళందరికీ తలో గంట తేడా వచ్చేస్తాది.