పెద్దవాళ్ల పాత ఫోటోకి ఏఐతో కొత్త ఫ్రేమ్ కట్టించేవాళ్లు జాగ్రత్త

"ఏ ఫోటో అయినా ఫర్వాలేదు, వాట్సాప్‌లో పంపండి, 4కేలో చేసిస్తాం" అనేవాళ్లకు అడ్వాన్స్ ఇవ్వకండి. మా నాయనమ్మ సంవత్సరీకానికి అలాగే చేయించాం. చీర ఆవిడదే, ముఖం మాత్రం వేరెవరిదో. ఆవిడ ఎడమ కనురెప్ప కాస్త వాలి ఉండేది. ఫ్రేములో రెండు కళ్లూ సమానంగా ఉన్నాయి. చెంప మీద పుట్టుమచ్చ లేదు. మా అత్త చూసి "ఇదెవరే?" అంది.

మేం ఇచ్చింది పెళ్లి గ్రూప్ ఫోటో, 4x6 అంగుళాల ప్రింట్. అందులో ఆవిడ ముఖం సెంటీమీటరు వెడల్పు. ఫోన్‌తో తీస్తే ఫోటో మొత్తం వెడల్పు 4000 పిక్సెళ్లు, అందులో ముఖానికి వచ్చేవి 260. వాట్సాప్ దాన్ని 1600కి కుదించింది, దాంతో ముఖానికి దాదాపు 105 మిగిలాయి. కన్ను ముఖం వెడల్పులో ఐదో వంతు, అంటే 21 పిక్సెళ్లు. పుట్టుమచ్చకి రెండే! కంప్రెషన్‌లో అవీ చెరిగిపోతాయి. ఇక కనురెప్ప వాలిందో లేదో ఏ టూల్‌కి తెలుస్తుంది? వేలమంది ముఖాల నుంచి నేర్చుకున్న సగటు కన్ను తెచ్చి అక్కడ పెడుతుంది. కొన్ని టూల్స్ మనం ఇచ్చిన ఫోటో మొత్తాన్ని 224 పిక్సెళ్లకు కుదించి చూస్తాయి. గ్రూప్ ఫోటో కత్తిరించకుండా ఇస్తే ముఖానికి పదిహేనో, ఇరవయ్యో దక్కుతాయి. చివర్లో 4కే చేసినా పెరిగేది ఆ ఊహించిన ముఖమే.

షాపువాళ్లు పాతదీ కొత్తదీ ఫోన్‌లో పక్కపక్కన చిన్నగా పెట్టి "చూడండి, అచ్చం అలాగే ఉంది" అంటారు. ఆ సైజులో నిజంగానే ఒకేలా ఉంటాయి, ఎందుకంటే తేడా అంతా పాత ఫోటోలో లేని వివరాల్లోనే ఉంది. డబ్బు కట్టేముందు ముఖాన్ని పెద్దది చేసి చూపించమనండి. ఇంట్లోవాళ్లకే తెలిసిన గుర్తు ఒకటి పట్టుకుని వెతకండి: మచ్చ, వంకర పన్ను, చిన్న కన్ను.

ఫోటో ఇచ్చేముందు ముఖం వరకే క్రాప్ చేసి సేవ్ చేసి, గ్యాలరీలో డీటెయిల్స్ తెరవండి. వెడల్పు 200 లోపు ఉంటే ఆ ఫోటోతో ముఖం చేయించొద్దు. 500 దాటితే నేనైతే ధైర్యంగా ఇస్తాను. ప్రింట్ అయితే 600 డీపీఐలో స్కాన్ చేయించండి, సెంటీమీటరు ముఖానికి 236 పిక్సెళ్లు వస్తాయి. అంతకంటే పెంచినా సాధారణంగా కాగితం మీది గరుకు తప్ప ఇంకేం రాదు. నెగెటివ్ దొరికితే దాన్నే స్కాన్ చేయించండి, ప్రింట్ కంటే వివరం ఎక్కువ ఉంటుంది. వాట్సాప్‌లో పంపాల్సి వస్తే డాక్యుమెంట్‌గా పంపండి.

ఇవేవీ కుదరకపోతే ముఖం జోలికి వెళ్లకుండా ఉన్న ఫోటోనే చిన్న సైజులో ప్రింట్ తీయమనండి. కాస్త మసగ్గా ఉన్నా అది ఆవిడ ముఖమే.