వారం వాయిదాల గ్రూపు అప్పు: ఇంకొకరి వాయిదా మీ మీద పడే ముందు చదవండి

కుట్టు పని, టిఫిన్ బండి, చీరల అమ్మకం వంటివి చేసుకుంటూ మైక్రోఫైనాన్స్ అప్పు తీసుకుందామనుకునే ఆడవాళ్ల కోసం రాస్తున్నాను. డ్వాక్రా సంఘానికి బ్యాంకు ఇచ్చే రుణం సంగతి కాదు ఇది. ఐదుగురిని గ్రూపుగా కూర్చోబెట్టి, ఒకరికొకరిని జామీను పెట్టించి, వారం వారం వసూలు చేసే ప్రైవేటు కంపెనీ అప్పు గురించి.

మా గ్రూపులో ఒక్కొక్కరికి 40,000 రూపాయలు మంజూరయ్యాయి. వారానికి 875 చొప్పున 52 వారాలు కట్టాలి, అంటే మొత్తం 45,500. ‘ఏడాదికి 5,500 వడ్డీ, నూటికి నెలకు రూపాయి పావలా కూడా పడదమ్మా’ అన్నాడు వసూలు కుర్రాడు. వినడానికి బాగానే ఉంటుంది. కానీ ఆ 40,000 ఏడాది పొడుగునా మన చేతిలో ఉండదు కదా. మొదటి వారం నుంచే అసలు తిరిగి వెళ్లిపోతుంటుంది, సగం ఏడాది గడిచేసరికి మన దగ్గర మిగిలేది సగమే. తగ్గుతున్న అసలు మీద లెక్క కడితే ఏడాదికి దాదాపు 26 శాతం, అంటే నూటికి రెండు రూపాయలు దాటింది. పైగా ప్రాసెసింగ్ ఫీజు, దాని మీద పన్ను, భార్యాభర్తల బీమా కలిపి 1,672 ముందే కోసుకున్నారు. చేతికి వచ్చింది 38,328. దాని మీద చూస్తే వడ్డీ మూడు రూపాయలకు దగ్గర. బీమా ఇష్టమైతేనే తీసుకోవాలని, అప్పుతో ముడిపెట్టకూడదని రిజర్వు బ్యాంకు నిబంధన ఉంది. మమ్మల్ని ఎవరూ అడగలేదు.

అసలు బాధ వడ్డీతో రాలేదు. ఏడాది సగంలో ఉండగా మాలో ఒకామె భర్తకు జబ్బు చేసి, వాళ్లు ఊరు విడిచి వెళ్లారు. ఆ వారం మీటింగులో నలుగురం మా డబ్బు కట్టినా లేవనివ్వలేదు. ఆమె 875 కూడా పడేదాకా ఎవరూ కదలవద్దన్నాడు వసూలు కుర్రాడు. తలా 219 రూపాయలు వేశాం. తర్వాతి వారమూ అంతే, ఆ తర్వాతా అంతే. పొద్దున్నే ఇడ్లీ అమ్ముకునే ఆమెకు ఆ గంటన్నరలో పోయిన బేరం ఆ 219 కంటే ఎక్కువ. ఇంతా చేస్తే మేము కట్టినదంతా ఆమె కార్డులో ఆమె కట్టినట్టుగానే రాశారు. మా పేరున రసీదు లేదు. రేపు ఆమెను అడగడానికి మా దగ్గర కాగితం ముక్క కూడా లేదు.

కాబట్టి ఎదుటివారి వాయిదా కట్టవలసి వస్తే, ఎవరి తరఫున ఎవరు ఎంత ఇచ్చారో రాసి సంతకం పెట్టమనండి. పెట్టనంటే డబ్బు ఇవ్వకండి. జామీను ఉందన్నా సరే, వసూలుకు హద్దులున్నాయి. 2022 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం మీరూ కంపెనీ ఇద్దరూ ఒప్పుకున్న చోటే వసూలు చేయాలి. వరుసగా రెండుసార్లు మీరు అక్కడికి రాకపోతేనే ఇంటికి గానీ పని చేసే చోటికి గానీ రావచ్చు. ఉదయం 9కి ముందు, సాయంత్రం 6 తర్వాత ఫోన్లు చేయకూడదు. బంధువులను వేధించకూడదు.

దరఖాస్తులో మీ ఆదాయం గడి కూడా తప్పక చూడండి. ఇంట్లో అందరి అప్పుల వాయిదాలు కలిపి నెల ఆదాయంలో సగం దాటకూడదు. కుటుంబ ఆదాయం ఏడాదికి 3 లక్షలు మించితే ఈ అప్పు మైక్రోఫైనాన్స్ కిందికి రాదు. అందుకని నెలకు 14,000 వచ్చే ఇంటికి 24,000 అని రాసేస్తారు. ఏడాదికి చూస్తే 3 లక్షల పరిమితి లోపలే ఉంటుంది, మీ నెత్తిన 7,000 బదులు 12,000 దాకా వాయిదాలు మోపడానికీ వీలవుతుంది. మా ఫారాల్లో అదే జరిగింది. నింపని ఫారం మీద సంతకం అడిగితే అక్కడే ఆపండి.

2010లో ఆంధ్రప్రదేశ్ తెచ్చిన ఆర్డినెన్సు వారం వసూళ్లను ఆపి నెలవారీకి మార్చింది. రిజర్వు బ్యాంకు నియంత్రణలోని ఫైనాన్స్ కంపెనీలకు ఆ చట్టం వర్తించదని 2023లో తెలంగాణ హైకోర్టు తేల్చింది. ఆ పాత రక్షణ ఇంకా ఉందనుకుని ధీమాగా ఉండకండి. నెల వాయిదా కావాలని ముందే అడగండి. యూనిఫారాలు కుట్టేవారికి డబ్బు చేతికి వచ్చేది బడి యాజమాన్యం బిల్లు చెల్లించినప్పుడు, ప్రతి మంగళవారం కాదు.

ఇప్పటికే ఇందులో ఉన్నవారు లోన్ కార్డులో ప్రతి పేజీ ఫోటో తీసి పెట్టుకోండి. ముందు కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు సరిగా లేకపోయినా ఇలాంటి ఫిర్యాదులు వినే రిజర్వు బ్యాంకు అధికారి అంబుడ్స్‌మన్‌కు cms.rbi.org.in లో పంపవచ్చు. వివరాలు అడగడానికి 14448 నంబరు ఉంది. గడువుకు ముందే మొత్తం తీర్చేస్తామంటే జరిమానా వేయకూడదు. అడిగితే అది కూడా ఫిర్యాదులో రాయండి.