జీతం కోతా, జీతం వాయిదానా: ఏది మేలు?

ఈ నెలలో ముగ్గురు నన్ను ఒకటే ప్రశ్న అడిగారు. ఆఖరున అడిగింది మా పిన్ని కొడుకు. హైదరాబాద్‌లో ఒక చిన్న కంపెనీలో ఆరేళ్లుగా పని చేస్తున్నాడు. వాళ్లకు పెద్ద క్లయింట్ ఒకరు చేజారిపోయారు. యాజమాన్యం అందరినీ కూర్చోబెట్టి రెండు దారులు చెప్పింది. ఆరు నెలల పాటు జీతంలో 20 శాతం కోత, లేదా 40 శాతం వాయిదా. వాయిదా వేసిన డబ్బు పరిస్థితి కుదుటపడ్డాక ఇస్తారట. "వాయిదా అయితే డబ్బు మనదే కదన్నా, పోయేదేముంది?" అన్నాడు.

వాడి జీతం 60 వేలు. కోతకు ఒప్పుకుంటే నెలకు 48 వేలు చేతికొస్తాయి, ఆరు నెలల్లో 72 వేలు శాశ్వతంగా పోతాయి. వాయిదాకు ఒప్పుకుంటే నెలకు 36 వేలే వస్తాయి, కానీ 1,44,000 కంపెనీ దగ్గర బాకీగా ఉంటుంది. అది పూర్తిగా వస్తే వాయిదాదే గెలుపు. సగమే వస్తే రెండింటికీ నష్టం ఒకటే, 72 వేలు. సగం కన్నా తక్కువ వస్తే కోతే నయం. అంటే వాయిదా ఎంచుకున్నవాడు కంపెనీ తన బాకీలో సగానికి పైగా తీరుస్తుందని పందెం కాస్తున్నాడు. అదీ వడ్డీ లేకుండా, హామీ లేకుండా. అదే కంపెనీకి బ్యాంకు అప్పిస్తే ఆస్తి తనఖా పెట్టించుకుంటుంది.

అయితే నా దృష్టిలో అసలు విషయం ఈ లెక్క కాదు. వాయిదా మనిషిని కట్టిపడేస్తుంది.

ఇది నాకు జరిగింది కాబట్టే చెబుతున్నాను. 2020లో నేను ఒక ఈవెంట్స్ కంపెనీలో జీతాల లెక్కలు చూసేవాణ్ణి. లాక్‌డౌన్‌తో పెళ్లిళ్లు, సభలు అన్నీ ఆగిపోయాయి. మా సార్ మంచివారు. మా నాన్నకు ఆపరేషన్ అయినప్పుడు అడగకుండానే అడ్వాన్స్ ఇచ్చిన మనిషి. ఆయన వాయిదా అడిగితే మారుమాట లేకుండా సంతకం చేశాను. జీతాల షీట్‌లో "బాకీ" అని కొత్త కాలమ్ నేనే పెట్టాను. నెలనెలా అందులో అంకెలు కలిపేదీ నేనే. 22వ వరుసలో నా పేరు. నవంబరు నాటికి దాని ఎదురుగా 1,10,000 ఉంది. సరిగ్గా అప్పుడే ఇంకో చోట ఆఫర్ వచ్చింది. వెళ్లిపోతే ఆ లక్షా పదివేలు ఇక ఎవరిస్తారన్న భయంతో వదులుకున్నాను. మార్చిలో ఆఫీసు మూసేశారు. నాకు ముట్టింది 30 వేలు. పోయిన డబ్బు కన్నా వదులుకున్న ఉద్యోగమే నన్ను ఎక్కువ కాలం బాధపెట్టింది. అదే కోత అయి ఉంటే ఆ డబ్బు పోయిందని ముందే తెలిసేది, డిసెంబరులోనే కొత్త చోట చేరేవాణ్ణి.

పెద్ద కంపెనీల్లోనూ ఇదే జరుగుతుంది. 2018 ఆగస్టులో జెట్ ఎయిర్‌వేస్ తన సిబ్బందిని 25 శాతం దాకా జీతం తగ్గించుకోమని అడిగింది. పైలట్లు కాదన్నారు. తర్వాత పైలట్లకు, ఇంజినీర్లకు, పై స్థాయి ఉద్యోగులకు జీతాలు విడతల్లో ఇవ్వడం మొదలైంది. విడతలు ఆలస్యమయ్యాయి, ఆలస్యాలు నెలలయ్యాయి. 2019 ఏప్రిల్ 17న చివరి విమానం ఎగిరింది. 2024 నవంబరులో సుప్రీంకోర్టు ఆ కంపెనీ లిక్విడేషన్‌కు, అంటే ఆస్తులు అమ్మి బాకీలు తీర్చి కంపెనీని మూసేయడానికి, ఆదేశించింది. లిక్విడేషన్‌లో ముందు ఆ ప్రక్రియ ఖర్చులు తీరుస్తారు. తర్వాత తనఖా ఉన్న బ్యాంకులు, వాటితో సమానంగా కార్మికుల 24 నెలల బాకీ. మేనేజర్ స్థాయి వాళ్లు చట్టం లెక్కలో కార్మికులు కారు. వాళ్లది ఆ తర్వాతి వరుస, అదీ 12 నెలల బాకీకే.

"2020లో ప్రభుత్వ ఉద్యోగులకు వాయిదా డబ్బు వచ్చింది కదా" అని కొందరు అంటారు. నిజమే. రెండు తెలుగు రాష్ట్రాలూ అప్పుడు జీతాల్లో కొంత వాయిదా వేశాయి. ఆంధ్రప్రదేశ్ విషయం సుప్రీంకోర్టు దాకా వెళ్తే, హైకోర్టు వేసిన 12 శాతం వడ్డీని తగ్గించి 6 శాతంతో ఇమ్మంది. కానీ అక్కడ బాకీ పడింది ప్రభుత్వం. అది ఆఫీసు ఖాళీ చేసి వెళ్లిపోదు. మా సార్ ఎంత మంచివారైనా ఆయన కంపెనీకి ఆ భరోసా లేదు.

వాయిదాకు ఇంకో చిక్కు కూడా ఉంది. జీతానికి ఆదాయపు పన్ను మామూలుగా చేతికొచ్చిన రోజు లెక్కన కాదు. రావలసిన రోజు, వచ్చిన రోజు, వీటిలో ఏది ముందైతే దాని లెక్కన పడుతుంది. చేతికందని డబ్బుకూ మీరు పన్ను కట్టాల్సి రావచ్చు.

కోతకూ ఒక ప్రమాదం ఉంది, దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. కోత బేసిక్‌లో పడితే పీఎఫ్ తగ్గవచ్చు, గ్రాట్యుటీ అయితే తగ్గుతుంది. గ్రాట్యుటీని చివరి బేసిక్ మీద, ఏడాదికి 15 రోజుల లెక్కన, నెలను 26 రోజులుగా తీసుకుని కడతారు. మావాడి బేసిక్ 30 వేలు. ఆరేళ్లకు దాదాపు 1,03,800 రావాలి. బేసిక్ 24 వేలకు పడిపోయినప్పుడు మానేస్తే దాదాపు 83 వేలే వస్తుంది. అందుకే కోతను అలవెన్సుల్లో వేయమని అడగాలి. పాత జీతం ఏ తేదీ నుంచి తిరిగి ఇస్తారో కూడా రాయించుకోవాలి. తేదీ లేని కోత కొత్త జీతంగా స్థిరపడిపోతుంది. రేపు ఇంకో కంపెనీ అడిగేది ఆ స్లిప్పే.

కోత, వాయిదా కాక వేరే దారులూ ఉంటాయి. జీతం లేని సెలవు పెట్టడం చదువుకో, ఇంటి పనికో ఎలాగూ సెలవు కావాల్సిన వాళ్లకు పనికొస్తుంది. జీతానికి బదులు షేర్లు ఇస్తామంటే, అమ్మే దారి లేని షేర్లతో అద్దె కట్టలేం.

ఏ దారైనా సరే, ముందు పీఎఫ్ పాస్‌బుక్ తెరిచి చూడండి. ఒక నెల పీఎఫ్‌ను కంపెనీ మరుసటి నెల 15లోగా కట్టాలి. స్లిప్పులో కోసినట్టు ఉండి, పాస్‌బుక్‌లో రెండు మూడు నెలలుగా పడకపోతే, మీ దగ్గర కోసిన డబ్బునే వాళ్లు వాడుకుంటున్నారని అర్థం. అప్పుడు కోతా వద్దు, వాయిదా వద్దు, రెజ్యూమే బయటికి తీయండి.

మావాడి పాస్‌బుక్ ఆ రాత్రే చూశాం. పోయిన నెల దాకా పడింది. యజమాని కూడా తన జీతం సగానికి తగ్గించుకున్నాడట. కాబట్టి వాడికి కోతే చెప్పాను. ఆరేళ్లుగా అన్నం పెట్టిన చోటు, 72 వేలు వాళ్ల కోసం వదులుకోవడానికి వాడికి అభ్యంతరం లేదు. ఎంత వదులుకుంటున్నాడో ముందే తెలియాలన్నదే నా పట్టు. ఇద్దరం కూర్చుని మెయిల్ రాశాం. కోత అలవెన్సుల్లోనే ఉండాలి, ఏడో నెల ఒకటో తేదీ నుంచి పాత జీతం రావాలి, ఈలోగా ఉద్యోగం తీసేస్తే చివరి సెటిల్‌మెంట్ పాత జీతం మీదే కట్టాలి. మొదటి రెండింటికీ ఒప్పుకున్నారు. మూడోదాని మీద సోమవారం మాట్లాడదామన్నారు. అది లెటర్‌లోకి వచ్చేదాకా సంతకం పెట్టొద్దని చెప్పాను.